హాట్ ప్లేట్ కాయిల్ కాలిపోతే: కొత్తది వేసి, కొసలు గట్టిగా బిగించడం ఎలా?

కాయిల్ హాట్ ప్లేట్‌లో పాడయ్యేవి తక్కువే. పింగాణీ ప్లేటు గాడిలో చుట్టుకుని ఉండే నైక్రోమ్ తీగ ఎక్కడో ఒకచోట తెగుతుంది, లేదా దాని కొసలు బిగించిన బోల్టు దగ్గర కాలిపోతుంది. కొత్త కాయిల్ వేసిన కొద్ది రోజులకే పొయ్యి మళ్ళీ ఆగిపోయిందంటే ఎక్కువసార్లు తప్పు కాయిల్‌ది కాదు, కొసల బిగింపుది.

పని మొదలుపెట్టే ముందు ప్లగ్గు పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు. సాకెట్‌లో ఫేజు, న్యూట్రల్ తారుమారై ఉంటే స్విచ్ ఆపినా కాయిల్‌లో కరెంటు ఉంటుంది. ప్లేటు పూర్తిగా చల్లారాక స్టవ్‌ను తిరగేసి అడుగు మూత విప్పండి. లోపల రెండు బోల్టులు, వాటి నుంచి స్విచ్‌కి వెళ్ళే వైర్లు కనిపిస్తాయి. వైర్లు ఎలా ఉన్నాయో ఫోన్‌లో ఒక ఫొటో తీసుకుంటే బిగించేటప్పుడు టెన్షన్ ఉండదు.

తెగినచోట రెండు కొసలూ మెలిపెట్టి నడిపించడం చాలామంది చేసే పని. అది ఎక్కువ కాలం నిలవదు. ఒకసారి ఎర్రగా కాలిన నైక్రోమ్ పెళుసుబారుతుంది, పైన నల్లటి పొర కడుతుంది. ఆ పొర వల్ల అతుకు దగ్గర వేడి ఎక్కువై అక్కడే మళ్ళీ తెగుతుంది. సోల్డరింగ్ అయితే అసలు పనికిరాదు. మామూలు సోల్డర్ 200 డిగ్రీల లోపే కరిగిపోతుంది, కాయిల్ వేడి దానికి ఎన్నో రెట్లు.

కొత్త కాయిల్‌ను స్టవ్ మీద రాసి ఉన్న వాట్స్‌కి సరిపోయేదే తీసుకోండి. మన స్టవ్ 2000 వాట్స్ అనుకుందాం. 230 వోల్టుల దగ్గర అది దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి 16 ఆంపియర్ల సాకెట్ ఉండాలి. మల్టీమీటర్‌లో ఆ కాయిల్ సుమారు 25 నుంచి 27 ఓమ్‌లు చూపించాలి. పొడవు ఎక్కువైందని ముక్క కత్తిరించకండి. తీగ తగ్గితే రెసిస్టెన్స్ తగ్గి, కరెంటు పెరిగి కాయిల్ త్వరగా పోతుంది.

షాపులో కాయిల్ చుట్లన్నీ దగ్గరగా ఉంటాయి, దాన్ని సాగదీయాలి. గాడి వెంట ఒక దారం పరిచి పొడవు కొలవండి. కాయిల్‌ను రెండు చేతులతో పట్టుకుని, ఆ కొలతకు కాస్త తక్కువ వరకు కొద్దికొద్దిగా లాగండి. ఎక్కువ సాగితే మళ్ళీ వెనక్కి రాదు. చుట్ల మధ్య ఖాళీ అంతటా సమానంగా ఉండాలి, ఏ రెండూ తాకకూడదు. గాడిలో పరిచాక తీగ ప్లేటు అంచుల కంటే కిందికే ఉండాలి. పైకి లేస్తే గిన్నెకు తగిలి షాక్ కొడుతుంది. ప్లేటు పగిలి ఉంటే అదీ మార్చాల్సిందే.

ఇక కొసలు. ఒక్కో కొసన మూడు నాలుగు చుట్లు విప్పి తీగను నిటారు చేయండి. దాన్ని వెనక్కి మడిచి, రెండు పేటలుగా కటింగ్ ప్లేయర్‌తో గట్టిగా మెలిపెట్టండి. రెండు పేటలైతే ఆ భాగం తక్కువ వేడెక్కుతుంది, బోల్టు దగ్గర కాలదు. ఈ మెలిని నట్టు తిరిగే దిశలోనే బోల్టు చుట్టూ ఒక్క చుట్టు తిప్పండి. అప్పుడు నట్టు బిగిస్తుంటే తీగ బయటికి జారకుండా లోపలికి లాక్కుంటుంది. తీగకు పైన ఒకటి, కింద ఒకటి వాషర్ వేసి బిగించి, దాని మీద రెండో నట్టు లాక్‌లా వేయండి. పాత బోల్టులు తుప్పు పట్టినా, నల్లబడినా వాటినే వాడకండి, స్టెయిన్‌లెస్ స్టీల్‌వి తెచ్చుకోండి.

బోల్టుకు అటువైపు సప్లై వైరును లగ్గు వేసి బిగించండి. మామూలు ప్లాస్టిక్ తొడుగు వైరు ఇక్కడ కరిగిపోతుంది. వేడిని తట్టుకునే ఫైబర్‌గ్లాస్ తొడుగు ఉన్న వైరు గానీ, పింగాణీ పూసలు గుచ్చిన వైరు గానీ వాడాలి. రాగి తీగ కాయిల్‌కు నేరుగా తగలకూడదు.

మూత వేశాక, ప్లగ్గు పెట్టకుండానే స్టవ్ స్విచ్ ఆన్‌లో ఉంచి ప్లగ్గు రెండు పిన్నుల మధ్య మీటర్ పెట్టండి. ఇందాకటి 25-27 ఓమ్‌లే రావాలి. ఏమీ చూపకపోతే ఎక్కడో లూజు, సున్నాకు దగ్గరగా వస్తే షార్టు. ఆ రెండు పిన్నులకూ స్టవ్ బాడీకీ మధ్య ఏ కనెక్షనూ చూపకూడదు. ఎర్త్ పిన్ను మాత్రం బాడీకి కలిసి ఉండాలి. ఇందులో ఏది తేడా వచ్చినా కరెంటు ఇవ్వకండి, ఎలక్ట్రీషియన్‌కి చూపించండి.

అన్నీ సరిపోతే గిన్నె పెట్టకుండా పది నిమిషాలు వెలిగించండి. మొదట కాస్త పొగ రావడం మామూలే. కాయిల్ అంతా ఒకేలా ఎర్రబడాలి. ఒకచోట మరీ మెరిస్తే అక్కడ చుట్లు సమానంగా లేవని అర్థం. బోల్టు దగ్గర ఎర్రబడినా, చిటపటలాడినా ఆ బిగింపు లూజుగా ఉన్నట్టే. వెంటనే ఆపేయండి. బాగానే ఉంటే ప్లగ్గు తీసి, పూర్తిగా చల్లారనిచ్చి, రెండు నట్లూ మరోసారి బిగించండి. తొలి వేడికి లోహం వ్యాకోచించి, చల్లారి, బిగింపు కొద్దిగా వదులవుతుంది. ఈ రెండో బిగింపు మానేసిన చోటే కొత్త కాయిల్ కొసలు కాలుతుంటాయి.