దీర్ఘవృత్త ధ్రువణం: బొమ్మ గీయడం, అది కుడిచేతిదో ఎడమచేతిదో తేల్చడం ఎలా?

1962 జూలైలో టెల్‌స్టార్ ఉపగ్రహం అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా టెలివిజన్ చిత్రాలను చేరవేసింది. అమెరికాలోని ఆండోవర్ నుంచి వెళ్లిన సంకేతం ఫ్రాన్సులో చక్కగా అందింది. ఇంగ్లండ్‌లోని గూన్‌హిల్లీ కేంద్రంలో మాత్రం మొదటి రాత్రి బొమ్మ సరిగా నిలవలేదు. ఆ తరంగంలోని విద్యుత్ క్షేత్రం గుండ్రంగా తిరుగుతూ వస్తుంది. ఎటు తిరిగితే దాన్ని ‘కుడిచేతి’ తరంగం అనాలి? ఈ ప్రశ్నకు అప్పుడు వాడుకలో రెండు జవాబులున్నాయి. గూన్‌హిల్లీలో ఒక చిన్న భాగం రెండో జవాబు ప్రకారం అమర్చి ఉంది. దాన్ని సరిచేశాక బొమ్మ వచ్చింది.

ఆ రెండు జవాబులు ఇప్పటికీ వాడుకలోనే ఉన్నాయి. అందుకే పేరు పెట్టే పనిని చివరికి వదిలేద్దాం. ముందు బొమ్మ గీద్దాం, తర్వాత తిరిగే దిశ చూద్దాం. ఈ వరుస తప్పితే ఎంత చదివినవారికైనా తికమక తప్పదు.

1. అక్షాలు, నిలబడే చోటు రాసిపెట్టుకోండి

కాగితం మీద x అక్షం కుడివైపుకు, y అక్షం పైకి గీయండి. తరంగం కాగితంలోంచి మీ ముఖం మీదికి వస్తోందనుకోండి. అంటే మీరు తరంగాన్ని అందుకునే వైపు నిలబడి, అది వచ్చే దిక్కుకు చూస్తున్నారు. ఈ మాటను కాగితం మూలన రాసి ఉంచండి. తర్వాత వచ్చే గొడవంతా దీని గురించే.

ఇప్పుడు విద్యుత్ క్షేత్రాన్ని ఒకదానికొకటి లంబంగా ఉన్న రెండు డోలనాలుగా తీసుకుందాం. రెండింటి పౌనఃపున్యం ఒకటే కావాలి.

x = A cos(ωt)
y = B cos(ωt + δ)

A, B కంపన పరిమితులు, δ దశాభేదం. ఇలా రాసినప్పుడు δ ధనాత్మకమైతే y డోలనం x కన్నా ముందుంటుంది. అంటే y తన శిఖరాన్ని ముందు చేరుతుంది, x ఆ తర్వాత చేరుతుంది.

లెక్క కోసం A = 4, B = 3, δ = 60° అనుకుందాం.

2. నాలుగైదు బిందువులు పెట్టండి

సూత్రాల జోలికి పోకముందే ఈ పని చేయండి. ωt విలువను 30 డిగ్రీల చొప్పున పెంచుతూ x, y లెక్కించండి.

ωt = 0° : x = 4, y = 1.5
ωt = 30° : x = 3.46, y = 0
ωt = 60° : x = 2, y = −1.5
ωt = 90° : x = 0, y = −2.6
ωt = 120° : x = −2, y = −3

180° దాటాక ఇవే విలువలు గుర్తులు మారి వస్తాయి కాబట్టి సగం లెక్క చాలు. బిందువులను కలిపితే వాలుగా పడుకున్న దీర్ఘవృత్తం వస్తుంది. అది 8 వెడల్పు, 6 ఎత్తు ఉన్న దీర్ఘచతురస్రం లోపల నాలుగు అంచులనూ తాకుతూ ఇమిడిపోతుంది. తాకకపోతే లెక్కలో ఎక్కడో పొరపాటు ఉన్నట్టే.

3. ఎటు తిరుగుతోందో చూడండి

విద్యుత్ క్షేత్రాన్ని కేంద్రం నుంచి గీసిన బాణం అనుకుంటే, దాని కొన మొదట కుడి అంచున (4, 1.5) దగ్గర ఉంది. అక్కడి నుంచి కిందికి దిగి, ఎడమవైపుకు వెళుతోంది. మీ వైపు నుంచి చూస్తే ఇది గడియారం ముల్లు తిరిగే దిశ, అంటే సవ్యదిశ.

దీన్ని గుర్తుపెట్టుకోవడానికి sin δ గుర్తును బట్టీ పట్టడం నాకెప్పుడూ కుదరలేదు. నేను వాడే మార్గం వేరు: ముందున్న అక్షం నుంచి వెనకబడిన అక్షం వైపు కొన తిరుగుతుంది. మన లెక్కలో y ముందుంది కాబట్టి కొన మొదట పైకొసకు చేరి, ఆ తర్వాత కుడికొసకు వస్తుంది. పై నుంచి కుడికి రావడమంటే సవ్యదిశే. ముందుండే తేడా 0° నుంచి 180° లోపు ఉన్నంతవరకు ఈ నియమం నిలుస్తుంది. 270° ముందుందని చెబితే దాన్ని 90° వెనకబడినట్టు లెక్కించండి.

ఈ నియమంలో కూడిక, తీసివేత గుర్తులు లేవు. అందుకే రచయిత దశను ఎలా రాశాడన్న చిక్కు దీన్ని అంటదు. కొన్ని పుస్తకాలు తరంగాన్ని cos(ωt − kz + δ) అని రాస్తే, మరికొన్ని cos(kz − ωt + δ) అని రాస్తాయి. రెండో పద్ధతిలో అదే ధనాత్మక δ ఉన్న y వెనకబడుతుంది, కొన అపసవ్యదిశలో తిరుగుతుంది. ఒక పుస్తకంలోని సూత్రాన్ని తెచ్చి ఇంకో పుస్తకంలోని తరంగానికి పెడితే జవాబు సరిగ్గా తలకిందులవుతుంది. పుస్తకం తెరవగానే ఏ డోలనం శిఖరం ముందు వస్తుందో చూసుకోండి, δ గుర్తును ఆ తర్వాత పట్టించుకోండి.

4. ఆకారాన్ని కొలవండి

దీర్ఘాక్షం x అక్షంతో చేసే కోణం ψ:

tan 2ψ = 2AB cos δ / (A² − B²) = 12 / 7

దీని నుంచి 2ψ = 59.7°, అంటే ψ దాదాపు 29.9°. సన్నదనాన్ని చెప్పే కోణం χ:

sin 2χ = 2AB sin δ / (A² + B²) = 20.78 / 25

ఇక్కడ χ దాదాపు 28.1° వస్తుంది. tan χ = 0.53 కాబట్టి పొట్టి అక్షం పొడవు, పొడవాటి అక్షంలో సగం కన్నా కాస్త ఎక్కువ. సగం పొడవులు 4.41, 2.36. సరిచూసుకోవడానికి ఒక సులువైన దారి ఉంది: ఈ రెండింటి వర్గాల మొత్తం A² + B², అంటే 25 కావాలి. అయింది.

ఇక్కడ రెండు చోట్ల కాలు జారుతుంది. మొదటిది, B పెద్దదైతే హారం రుణాత్మకమవుతుంది. కాలిక్యులేటర్ ఇచ్చే tan విలోమాన్ని నేరుగా నమ్మితే దీర్ఘాక్షానికి బదులు హ్రస్వాక్షం కోణం చేతికొస్తుంది. ప్రోగ్రాములో `atan2` వాడితే ఈ బాధ ఉండదు. రెండోది, దశాభేదం 90° కాగానే వృత్తం వస్తుందనుకోవడం. A, B సమానం కాకపోతే 90° దగ్గర కూడా వచ్చేది దీర్ఘవృత్తమే, కాకపోతే అక్షాల వెంట నిటారుగా ఉంటుంది. A, B సమానమై, దశాభేదం 90° కాకపోతే 45° వాలుతో దీర్ఘవృత్తం వస్తుంది. 0° లేదా 180° దగ్గర అది నలిగిపోయి సరళరేఖ అవుతుంది. వృత్తానికి రెండు షరతులూ కలిసి రావాలి.

5. ఇప్పుడు పేరు పెట్టండి

తిరిగే సీలింగ్ ఫ్యాను కింద మంచం మీద పడుకున్న మనిషికి ఒక దిశలో కనిపిస్తుంది. కప్పుకు రంధ్రం చేసి పై నుంచి తొంగిచూసేవాడికి అదే ఫ్యాను వ్యతిరేక దిశలో తిరుగుతుంది. ఇద్దరూ నిజమే చెబుతారు. ధ్రువణంలో తగవు కూడా సరిగ్గా ఇదే.

కాంతిశాస్త్రంలో పాత సంప్రదాయం మంచం మీది మనిషిది. తరంగాన్ని అందుకునేవాడు దాని ఎదురుగా చూసినప్పుడు కొన సవ్యదిశలో తిరిగితే అది కుడిచేతి ధ్రువణం. యాంటెన్నా ఇంజనీర్లు పాటించే ఐఈఈఈ ప్రమాణం పంపేవాడి వైపు నిలబడుతుంది. తరంగం వెళ్లే దిశలోకి చూస్తూ సవ్యదిశ కనిపిస్తేనే వారికి అది కుడిచేతి ధ్రువణం. రేడియో ఖగోళశాస్త్రజ్ఞులు కూడా ఈ రెండో సంప్రదాయాన్నే తీసుకున్నారు.

మన లెక్కలో అందుకునేవాడికి సవ్యదిశ కనిపించింది. కాబట్టి పాత కాంతిశాస్త్రం లెక్కన ఇది కుడిచేతి దీర్ఘవృత్త ధ్రువణం, ఐఈఈఈ లెక్కన ఎడమచేతిది.

రెండు వర్గాల వారికీ చేతిలో ఒక కుడిచేయి ఉండటమే ఇక్కడి తమాషా. ఐఈఈఈ వారు కుడిచేతి బొటనవేలిని తరంగం వెళ్లే దిశలో పెట్టి, కాలంతో పాటు కొన తిరిగే దిశను మిగతా వేళ్లతో చూపిస్తారు. కాంతిశాస్త్రం వారు కాలాన్ని ఒక్క క్షణం ఆపి, దారి పొడవునా కొనలను కలిపే గీతను చూస్తారు. వారి కుడిచేతి తరంగంలో ఆ గీత కుడిచేతి మరలా, మామూలు స్క్రూ గాడిలా మెలికపడి ఉంటుంది. ఆ మర తిరగకుండా నేరుగా ముందుకు జరిగితే, ఒకే చోట నిలబడి చూసేవాడికి కొన వ్యతిరేక దిశలో తిరిగినట్టుంటుంది. స్థలంలోని మెలిక, కాలంలోని తిరుగుడు ఒకదానికొకటి ఎదురు కావడంతోనే రెండు సంప్రదాయాలు పుట్టుకొచ్చాయి.

కాబట్టి నివేదికలో వట్టి ‘కుడిచేతి’ అని రాయకండి. ‘అందుకునే వైపు నుంచి చూస్తే సవ్యదిశ’ అని రాయండి. నాలుగు మాటలు ఎక్కువైనా గూన్‌హిల్లీ తిప్పలు ఉండవు.

6. బల్ల మీద సరిచూడండి

ఒక్క పోలరాయిడ్ పలకను తిప్పి చూస్తే వెలుగు పెరగడం, తగ్గడం తెలుస్తుంది. దీర్ఘాక్షం దొరుకుతుంది, కానీ తిరిగే దిశ తెలియదు. సవ్యమైనా అపసవ్యమైనా పోలరాయిడ్ ఒకేలా స్పందిస్తుంది. పైగా కొంత ధ్రువణమే ఉన్న మామూలు కాంతి కూడా దానికి అలాగే కనిపిస్తుంది.

అందుకు క్వార్టర్ వేవ్ ప్లేటు కావాలి. దాని వేగ అక్షం వెంట ఉన్న డోలనం, లంబంగా ఉన్న దాని కన్నా 90° ముందుకు వస్తుంది. ముందుగా పోలరాయిడ్‌తో అత్యంత ప్రకాశవంతమైన స్థానాన్ని పట్టుకోండి. మన లెక్కలో అది 29.9°. ప్లేటు వేగ అక్షాన్ని ఆ కోణంలో పెట్టి, దాని వెనక పోలరాయిడ్‌ను తిప్పండి. దీర్ఘవృత్తం ఇప్పుడు సరళరేఖగా మారి ఉంటుంది కాబట్టి ఒకచోట పూర్తి చీకటి రావాలి. కొన సవ్యదిశలో తిరిగేదైతే ఆ రేఖ 29.9 + 28.1, అంటే 58° దగ్గర ఉంటుంది. అపసవ్యమైతే 29.9 − 28.1, అంటే 1.8° దగ్గర ఉంటుంది. పోలరాయిడ్ అక్షం ఆ రేఖకు లంబంగా వచ్చినప్పుడు చీకటి పడుతుంది. ఈ రెండు జవాబుల మధ్య 56 డిగ్రీల దూరం ఉంది, కాబట్టి చేతితో తిప్పే సాధారణ పరికరంతోనైనా తేలిపోతుంది.

చీకటి పూర్తిగా రాకపోతే రెండు కారణాలను అనుమానించండి. కాంతిలో ధ్రువణం లేని భాగం కలిసి ఉండవచ్చు. లేదా ప్లేటు ఆ రంగుకు తగినది కాకపోవచ్చు. 550 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతి కోసం చేసిన ప్లేటు, 650 నానోమీటర్ల ఎర్ర లేజరుకు 90° బదులు సుమారు 76° మాత్రమే ఇస్తుంది.

చీకటి బాగానే వచ్చి, జవాబు మాత్రం తలకిందులుగా ఉంటే ప్లేటు అంచున ఉన్న గీతను చూడండి. అది వేగ అక్షాన్ని కాక మంద అక్షాన్ని సూచిస్తూ ఉండవచ్చు. గీత సరైనదే అయితే దారిలోని అద్దాలను లెక్కపెట్టండి. నిటారుగా పడి వెనక్కి వచ్చే కాంతి ఒక్కో అద్దం దగ్గర చేయి మారుతుంది: విద్యుత్ క్షేత్రం తిరిగే దిశ అదే, కానీ తరంగం వెళ్లే దిశ మారిపోయింది. డిష్ యాంటెన్నాలకూ ఇదే వర్తిస్తుంది. డిష్ మీద ఒక్కసారి ప్రతిఫలించే అమరికలో, ఆకాశం నుంచి కుడిచేతి తరంగం కావాలనుకుంటే నాభి దగ్గర పెట్టే కొమ్ము యాంటెన్నా ఎడమచేతిది కావాలి.