రాత్రి మాత్ర మరిచిపోయారా? డ్రాస్పిరినోన్‌కు ఉన్న 24 గంటల గడువును ఎలా లెక్కపెట్టాలి

గర్భం రాకుండా వేసుకునే మాత్రల్లో ఈస్ట్రోజెన్ లేకుండా ప్రొజెస్టిన్ ఒక్కటే ఉండే రకం ఒకటుంది. బిడ్డకు పాలిస్తున్నవారికి, మైగ్రేన్ ఉన్నవారికి, ఈస్ట్రోజెన్ పడనివారికి గైనకాలజిస్టులు తరచూ దీన్నే రాస్తారు. ఈ రకంలో పాత మాత్రలకు గడియారం చాలా కచ్చితంగా చూసుకోవాలి. 3 గంటలు దాటితే రక్షణ పోయినట్టే లెక్క. డ్రాస్పిరినోన్ 4 మి.గ్రా. మాత్ర మాత్రం 24 గంటల ఆలస్యాన్ని తట్టుకుంటుంది. అయితే ఆ గడువు కూడా దాటితే, తిరిగి రక్షణ రావడానికి పాత మాత్రల కంటే దీనికే ఎక్కువ రోజులు కావాలి. చాలామంది గడువు ఎక్కువన్న సగం మాటే గుర్తుపెట్టుకుంటారు. రెండో సగం తెలియకపోవడం వల్లే పొరపాట్లు జరుగుతాయి.

సమస్య: చేతిలో ఉన్న మాత్రకు ఏ గడువు వర్తిస్తుందో తెలియడం లేదు

హైదరాబాద్ ఇళ్లలో ఈ గందరగోళం మరీ ఎక్కువ. ఒకే అల్మారాలో ఇక్కడి మెడికల్ షాపులో కొన్న మాత్రలు, అమెరికాలో ఉన్న అక్కో వదినో తెచ్చిన మాత్రలు, బోనాలకో పెళ్లికో నెలసరి వాయిదా వేయడానికి కొన్న మాత్రలు కలిసి ఉంటాయి. పైన ఉన్న బ్రాండ్ పేరు చూసి కాక, అట్ట వెనక ఉన్న మందు పేరు, మోతాదు చూసి తేల్చుకోవాలి.

డ్రాస్పిరినోన్ 4 మి.గ్రా. అని మాత్రమే ఉండి, అట్టలో మందున్న తెల్ల మాత్రలు 24, మందు లేని ఆకుపచ్చ మాత్రలు 4 ఉంటే, ఈ వ్యాసంలో చెప్పేవన్నీ దానికి వర్తిస్తాయి. డ్రాస్పిరినోన్ 3 మి.గ్రా.తో పాటు ఇథినైల్ ఈస్ట్రడియాల్ అని కూడా ఉంటే అది ఈస్ట్రోజెన్ కలిసిన మాత్ర. మన దగ్గర డ్రాస్పిరినోన్ పేరు ఎక్కువగా కనిపించేది ఇలాంటి అట్టల మీదే. ఈస్ట్రోజెన్ వద్దని డాక్టరు చెప్పిన మనిషి ఆ ఒక్క పేరు చూసి దీన్ని వేసుకోవడం ప్రమాదం.

నారెథిస్టిరాన్ 0.35 మి.గ్రా., నార్జెస్ట్రెల్ 0.075 మి.గ్రా. అన్నవి పాత తరం మాత్రలు. వీటి గడువు 3 గంటలు. అమెరికాలో డాక్టరు చీటీ లేకుండా అమ్మడానికి 2023లో అనుమతి పొందినది ఈ నార్జెస్ట్రెల్ మాత్రే. డెసోజెస్ట్రెల్ 75 మైక్రోగ్రాములది మధ్యలో ఉంటుంది, దాని గడువు 12 గంటలు. నెలసరి వాయిదాకు వాడే నారెథిస్టిరాన్ 5 మి.గ్రా. మాత్రను గర్భనిరోధక మాత్రగా లెక్కించకూడదు. మందు పేరు ఒకటే అయినా అది వేరే అవసరానికి, వేరే పద్ధతిలో ఇచ్చేది.

సమస్య: మాత్ర వేసుకోవడం ఆలస్యమైంది, కానీ ఇంకా 24 గంటలు దాటలేదు

గచ్చిబౌలిలో షిఫ్టుల్లో పనిచేసే ఒక తల్లిని ఊహించండి. రోజూ రాత్రి 9 గంటలకు మాత్ర వేసుకుంటారు. మంగళవారం క్యాబ్ ముందుగా రావడంతో మాత్ర ఇంట్లోనే ఉండిపోయింది. తెల్లవారి ఇంటికి వచ్చి నిద్రపోయారు. బుధవారం సాయంత్రం 5 గంటలకు గుర్తొచ్చింది. ఆలస్యం 20 గంటలు.

లెక్క ఎప్పుడూ మాత్ర వేసుకోవాల్సిన సమయం నుంచి మొదలుపెట్టాలి. ఆఖరి మాత్ర సోమవారం రాత్రి వేసుకున్నారు కాబట్టి అప్పటికి 44 గంటలు గడిచాయి. ఆ అంకె చూసి కంగారు పడనక్కర్లేదు. ఆఖరి మాత్ర నుంచి లెక్కపెడితే హద్దు 48 గంటలు, వేసుకోవాల్సిన సమయం నుంచి అయితే 24 గంటలు. రెండూ ఒకటే.

పరిష్కారం తేలిక. గుర్తొచ్చిన క్షణమే మంగళవారం మాత్ర వేసుకోవాలి. బుధవారం మాత్ర మామూలుగానే రాత్రి 9కి వేసుకోవాలి. ఒకే రోజు రెండు మాత్రలు పడినా ఫరవాలేదు. కండోమ్ అక్కర్లేదు, ఎమర్జెన్సీ మాత్ర కూడా అక్కర్లేదు.

ఇదే తల్లి నార్జెస్ట్రెల్ మీద ఉండి ఉంటే మంగళవారం అర్ధరాత్రికే గడువు ముగిసేది. గుర్తొచ్చాక ఒక మాత్ర వేసుకుని, ఆపై 48 గంటలు కండోమ్ వాడాల్సి వచ్చేది. డెసోజెస్ట్రెల్ మీద ఉంటే బుధవారం ఉదయం 9తో గడువు ముగిసేది.

ఇంత తేడా ఎందుకంటే, పాత మాత్రలు ప్రధానంగా గర్భాశయ ముఖద్వారం దగ్గర ఉండే జిగురును చిక్కబరుస్తాయి. వీర్యకణాలు ఆ చిక్కదనాన్ని దాటలేవు. అండం విడుదలను అవి ఆపేది మాత్రం సుమారు సగం నెలల్లోనే. జిగురు చిక్కదనం మందు ఉన్నంతసేపే నిలుస్తుంది. నారెథిస్టిరాన్ శరీరంలో సుమారు 8 గంటలకు సగానికి తగ్గిపోతుంది. అందుకే మర్నాటి మాత్ర కాస్త ఆలస్యమైనా తలుపు తెరుచుకున్నట్టవుతుంది.

డ్రాస్పిరినోన్ పని వేరు. అది ప్రధానంగా అండం విడుదలనే ఆపుతుంది. పైగా సగానికి తగ్గడానికి సుమారు 30 గంటలు పడుతుంది. కావాలని నాలుగుసార్లు, ఒక్కోసారి 24 గంటల చొప్పున ఆలస్యం చేయించి స్త్రీలను పరీక్షించినప్పుడు కూడా దాదాపు అందరిలో అండం విడుదల కాలేదు. ఈ గడువుకు ఆధారం అదే.

సమస్య: 24 గంటలు దాటిపోయింది, లేదా రెండు మాత్రలు పోయాయి

అందరూ తడబడేది ఇక్కడే కాబట్టి ఒక లెక్క పూర్తిగా చేసి చూద్దాం. అదే తల్లి శుక్రవారం 18వ తెల్ల మాత్ర, శనివారం 19వ మాత్ర మరిచిపోయారు. ఆదివారం ఉదయం 7 గంటలకు అట్ట చూసుకున్నారు. శుక్రవారం మాత్ర 34 గంటలు ఆలస్యం. గడువు దాటింది.

వెంటనే వేసుకోవాల్సింది చివరగా తప్పిన మాత్ర, అంటే 19వది. 18వది అట్టలోనే వదిలేయాలి. రెండూ కలిపి మింగితే పోయిన రక్షణ తిరిగి రాదు. ఆదివారం రాత్రి 9కి 20వది, ఆ తర్వాత రోజుకొకటి. ఆదివారం నుంచి వచ్చే శనివారం వరకు 7 రోజులు కండోమ్ తప్పనిసరి.

పాత మాత్రకు రెండు రోజులు సరిపోతే దీనికి ఏడు ఎందుకన్న సందేహం సహజం. జిగురు తిరిగి చిక్కబడటానికి రెండు రోజులు చాలు. అండాశయాన్ని మళ్లీ నిద్రపుచ్చడానికి మాత్రం 7 రోజులు వరుసగా మందు పడాలి. మొదటి అట్టను నెలసరి మొదటి రోజున కాకుండా మధ్యలో మొదలుపెట్టినవారికి 7 రోజులు కండోమ్ వాడమనేదీ ఇందుకే.

మన ఉదాహరణలో ఇంకో చిక్కుంది. గురువారం 24వ మాత్రతో తెల్లవి అయిపోతాయి. ఆ వెంటనే 4 రోజులు మందు లేని మాత్రలు మొదలైతే ఏడు రోజుల వరుస తెగిపోతుంది. కాబట్టి 15 నుంచి 24 వరకు ఉన్న మాత్రల్లో గడువు దాటితే, ఆ అట్టలోని ఆకుపచ్చ మాత్రలు పక్కన పెట్టి, శుక్రవారమే కొత్త అట్టలో మొదటి తెల్ల మాత్ర వేసుకోవాలి. ఆ నెల నెలసరి రాకపోవచ్చు, మధ్యలో మరకలు కనిపించవచ్చు. అది ఊహించినదే.

అమెరికా సూచనలు రెండు మాత్రలు పూర్తిగా తప్పే వరకు కండోమ్ అడగవు. ఐరోపా పద్ధతిలో 24 గంటలు దాటగానే అడుగుతారు. నేను ఇక్కడ ఇచ్చింది రెండోది. గర్భం విషయంలో కఠినమైన లెక్కే మేలని నా అభిప్రాయం.

సమస్య: కొత్త అట్ట మొదలుపెట్టడం ఆలస్యమైంది

అన్నిటికంటే ఖరీదైన పొరపాటు ఇదే. ఆకుపచ్చ మాత్రలు మరిచిపోతే ఏమీ కాదు, వాటిలో మందే లేదు. ఆ రోజుల మాత్రలు వదిలేసి ముందుకు సాగవచ్చు. కానీ ఆ 4 రోజుల తర్వాత రావాల్సిన మొదటి తెల్ల మాత్ర ఆలస్యమైతే, అప్పటికే మందు లేకుండా గడిచిన రోజులకు ఇంకొన్ని చేరుతున్నాయి. మందు లేని వ్యవధి 4 రోజులకు మించకూడదన్నది మూల నియమం. 24 గంటల లోపు అయితే నడుస్తుంది. ఆపై అండాశయం మేలుకోవడానికి అవకాశం ఉంటుంది.

మొదటి వారంలోని తెల్ల మాత్రల్లో గడువు దాటి, గత 5 రోజుల్లో కండోమ్ లేకుండా కలిసి ఉంటే, కండోమ్ ఒక్కటే సరిపోదు. 72 గంటల లోపు వేసుకోవాల్సిన లెవోనార్జెస్ట్రెల్ 1.5 మి.గ్రా. ఎమర్జెన్సీ మాత్ర మెడికల్ షాపులో చీటీ లేకుండానే దొరుకుతుంది. 5 రోజుల లోపు కాపర్-టి వేయించుకుంటే రక్షణ ఇంకా ఎక్కువ. మూడు వారాల తర్వాత మూత్ర పరీక్ష చేసుకోవాలి.

సమస్య: మాత్ర సమయానికే వేసుకున్నా అనుమానం తీరడం లేదు

వేసుకున్న 3, 4 గంటల లోపు వాంతి అయితే ఆ మాత్ర పడనట్టే. అట్ట చివర నుంచి ఇంకో తెల్ల మాత్ర వేసుకోవాలి. అది కూడా మామూలు సమయం నుంచి 24 గంటల లోపే.

మొదటి కొన్ని నెలల్లో అప్పుడప్పుడు రక్తం మరకలు కనిపించడం, కొందరికి నెలసరి అసలు రాకపోవడం ఈ మందు స్వభావం. మాత్ర పనిచేయడం లేదనడానికి అది గుర్తు కాదు. మరకలు చూసి మాత్ర ఆపేస్తే, అసలు సమస్య అప్పుడు మొదలవుతుంది. మాత్రలు తప్పి, నెలసరీ రాకపోతే మాత్రం పరీక్ష చేసుకోవాలి.

టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే గంటలు ఎంత కచ్చితంగా పాటించినా లాభం లేదు. ఆ మందు డ్రాస్పిరినోన్‌ను త్వరగా కరిగించేస్తుంది, ఆపేశాక కూడా 28 రోజులు ప్రభావం ఉంటుంది. అప్పుడు వేరే పద్ధతి అడగాలి.

ఇక పొటాషియం. డ్రాస్పిరినోన్ శరీరంలో పొటాషియం నిలిచిపోయేలా చేయగలదు. పాత మాత్రలకు ఈ గుణం లేదు. బీపీకి టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ లాంటివి వాడేవారు, నొప్పులకు ఇబుప్రొఫెన్ లాంటివి చాలాకాలంగా రోజూ మింగేవారు ఆ సంగతి డాక్టరుకు చెప్పి, మొదటి అట్ట నడుస్తున్నప్పుడే రక్తంలో పొటాషియం చూపించుకోవాలి. కిడ్నీ, లివర్ లేదా అడ్రినల్ గ్రంథి సరిగా పనిచేయనివారు ఈ మాత్ర వాడకూడదు. అలాంటివారికి డెసోజెస్ట్రెల్ కుదురుతుందా, వేరే పద్ధతి కావాలా అన్నది గైనకాలజిస్టు తేల్చాలి. 12 గంటల గడువుకు మారితే ఫోనులో అలారం సమయం కూడా షిఫ్టుకు తగ్గట్టు మార్చుకోవాలి.