బిగ్ బ్యాంగ్ పాఠంలో దేవుడి ప్రశ్న వస్తే

విశ్వం పుట్టుక పాఠం చెబుతుంటే ఎవరో ఒకరు అడుగుతారు: "మేడమ్, బిగ్ బ్యాంగ్ నిజమైతే దేవుడు సృష్టించలేదనేనా?" వెనక బెంచీల్లో నవ్వులు మొదలవుతాయి. ముందు ఆ నవ్వుని ఆపండి, లేకపోతే ఆ పిల్ల మళ్లీ నోరు విప్పదు.

తర్వాత "నీకు సందేహం ఎక్కడ వచ్చింది?" అని అడగండి. చాలాసార్లు ఆ ఒక్క ప్రశ్నలో రెండు ఉంటాయి. విశ్వం ఎలా మారుతూ వచ్చింది అన్నది ఒకటి. దీనికి ఆధారాలున్నాయి: గెలాక్సీలు దూరమవుతున్నాయి, తొలినాటి వేడి అవశేషమైన మైక్రోవేవ్ కాంతి 1965లో దొరికింది. లెక్కలు విశ్వం వయసు సుమారు 1380 కోట్ల ఏళ్లని చెబుతున్నాయి. ఇక్కడ తడబడకుండా చెప్పండి. "విశ్వం వయసు కొన్ని వేల ఏళ్లేనట కదా" అని అడిగినా, ఆధారాలు దానికి ఒప్పుకోవని మెల్లగా, స్పష్టంగా చెప్పాల్సిందే.

రెండోది, అసలు ఏదైనా ఎందుకు ఉంది, వెనక ఎవరైనా ఉన్నారా అన్నది. బిగ్ బ్యాంగ్ సిద్ధాంతం వేడిగా, కిక్కిరిసి ఉన్న తొలి స్థితి నుంచి విస్తరణను వివరిస్తుంది, అంతే. "దేవుడు లేడని తేలిపోయింది" అన్నా, "ఉన్నాడని తేలింది" అన్నా మనం పాఠం దాటి మాట్లాడినట్టే.

ఈ ఆలోచనకు పునాది వేసిన వాళ్లలో ఒకరైన జార్జ్ లెమైత్ర్ క్యాథలిక్ ప్రీస్ట్. ఈ మాట చెబితే క్లాసులో టెన్షన్ తగ్గుతుంది. కానీ దాన్ని దేవుడికి రుజువుగా వాడకండి, ఆయనే సైన్సునీ, విశ్వాసాన్నీ విడిగా ఉంచాడు.