దశాంశాలను గుణించాక పాయింట్ ఎక్కడ పెట్టాలి?

విశాఖ మధురవాడలో మా అక్క వాళ్లు ఫ్లాట్ బాల్కనీకి కొత్త టైల్స్ వేయిద్దామనుకున్నారు. టేపు పెట్టి కొలిస్తే వెడల్పు 1.2 మీటర్లు, పొడవు 3.5 మీటర్లు వచ్చింది. మొత్తం ఎన్ని చదరపు మీటర్లో లెక్క కట్టమని ఏడో తరగతి చదివే మేనకోడలికి చెప్పాను. నిమిషం తిరక్కుండా 42.0 అంది. అంత చోటుంటే బాల్కనీలో పెళ్లిభోజనాలే పెట్టుకోవచ్చు.

"పాయింట్ కింద పాయింటే పెట్టాను కదా మావయ్యా!" అంది. తిరకాసు అక్కడే ఉంది. పాయింట్ కింద పాయింట్ రాయడం కూడికకీ తీసివేతకీ పనికొచ్చే పద్ధతి. గుణకారంలో దాన్ని అలాగే కిందికి దించేస్తే లెక్క తప్పుతుంది.

గుణకారం మొదలుపెట్టేముందు పాయింట్లు లేవనుకోండి. 1.2ని 12గా, 3.5ని 35గా తీసుకుని మామూలుగా గుణించండి. 420 వస్తుంది. ఇప్పుడు అసలు సంఖ్యల్లో పాయింట్ తర్వాత ఎన్ని అంకెలున్నాయో చూడండి. 1.2లో ఒకటి, 3.5లో ఒకటి, మొత్తం రెండు. 420లో కుడి చివర నుంచి రెండు అంకెలు వదిలి పాయింట్ పెడితే 4.20. అంటే బాల్కనీ 4.2 చదరపు మీటర్లు.

ఒకటీ ఒకటీ కలిపి రెండు ఎందుకయ్యాయి? ఇది మాటలతో చెబితే ఎక్కలేదు, సుద్దముక్క తీసుకుని బాల్కనీ నేల మీదే గీశాం. ముందు మీటరు పొడవు, మీటరు వెడల్పుతో ఒక చదరం. దాని ప్రతి అంచునూ పది సెంటీమీటర్లకొకటి చొప్పున పది భాగాలు చేసి అడ్డగీతలు, నిలువుగీతలు గీస్తే లోపల చిన్న గళ్లు వచ్చాయి. ఒక్కో గడి అంచు మీటరులో పదో వంతే. కానీ వరుసకి పది చొప్పున పది వరుసలు కాబట్టి గళ్లు మొత్తం వంద. అంటే ఒక్కో గడి చదరపు మీటరులో నూరో వంతు. పదో వంతుని పదో వంతుతో గుణిస్తే నూరో వంతు వస్తుందనేది ఆ నేల మీదే కనిపిస్తుంది.

బాల్కనీ అంతా అలా గళ్లు గీస్తే వెడల్పులో 12, పొడవులో 35 పడతాయి. మనం పాయింట్లు తీసేసి 420 అన్నది ఈ గళ్ల లెక్కే. వంద గళ్లు ఒక చదరపు మీటరు కనుక 420ని వందతో భాగించాలి. వందతో భాగించడమంటే పాయింట్‌ని రెండు స్థానాలు ఎడమకి జరపడం. అంకెలు లెక్కపెట్టడం వెనక ఉన్న సంగతి ఇంతే. ఒక సంఖ్యలో పదో వంతులు, రెండోదానిలో నూరో వంతులు ఉంటే లబ్ధం వెయ్యో వంతుల్లో వస్తుంది, అప్పుడు మూడు స్థానాలు.

మేనకోడలు రెండోసారి ఇంకో తప్పు చేసింది. 420 చివర సున్నా అనవసరమని కొట్టేసి, మిగిలిన 42లో రెండు స్థానాలు లెక్కపెట్టి 0.42 అంది. ఆ సున్నా కూడా గళ్ల లెక్కలో భాగమే. ముందు కొట్టేస్తే 420 గళ్లు 42 అయిపోతాయి. పాయింట్ పెట్టాక 4.20ని 4.2గా రాసుకుంటే ఏ గొడవా లేదు. వెడల్పుని 1.20 అని రాసినా ఇబ్బంది లేదు. 120ని 35తో గుణిస్తే 4200, మూడు స్థానాలు వదిలితే 4.200. సున్నా ఒకటి పెరిగింది, స్థానమూ ఒకటి పెరిగింది.

ఈ రెండు తప్పులూ పట్టుకోవడానికి కాగితం కూడా అక్కర్లేదు. 1.2 అంటే ఒకటి కన్నా కొంచెం ఎక్కువ. కాబట్టి జవాబు 3.5 కన్నా కొంచెం ఎక్కువే ఉండాలి. 42 కాదు, 0.42 అంతకన్నా కాదు. కాకపోతే ఈ అంచనా పాయింట్ చోటునే పట్టిస్తుంది. గుణకారంలో అంకె తప్పి 4.3 వచ్చి ఉంటే దీనికి దొరకదు.

చివరికి బాల్కనీ గుమ్మం దగ్గర వేసే గ్రానైట్ పట్టీ మిగిలింది. వెడల్పు 0.08 మీటర్లు, పొడవు 0.9 మీటర్లు. ఎనిమిది తొమ్మిదులు 72. స్థానాలు రెండూ ఒకటీ మూడు, ఉన్న అంకెలు రెండే. ఇలాంటప్పుడు ఎడమ పక్కన సున్నా చేర్చి స్థానాలు నింపాలి: 0.072. ఈసారి గుణించేది ఒకటి కన్నా కొంచెం తక్కువైన 0.9తో కాబట్టి, జవాబు 0.08 కన్నా కొంచెం తగ్గాలి. తగ్గింది. ఆ మాట నేను అనేలోపే మేనకోడలు అనేసింది.