ఆఫర్ వద్దనుకుంటే మెయిల్ ఇలా రాయండి

గచ్చిబౌలిలో ఒక ఆఫర్, ఉప్పల్‌లో ఇంటి దగ్గరే ఇంకొకటి వచ్చాయనుకోండి. వద్దనుకున్నవాళ్లకు జాయినింగ్ రోజు దాకా ఫోన్ ఎత్తకుండా ఉండకండి. నిర్ణయం అయిన రోజే, ఆఫర్ లెటర్ వచ్చిన మెయిల్‌కే రిప్లై ఇవ్వండి. హెచ్‌ఆర్‌తో పాటు ఇంటర్వ్యూ చేసిన మేనేజర్‌నీ కాపీలో పెట్టండి.

"నమస్తే సర్, ఆఫర్‌కు ధన్యవాదాలు. ఇంటికి దగ్గరలో మరో ఉద్యోగంలో చేరుతున్నాను, అందుకే దీన్ని తీసుకోలేకపోతున్నాను. రెండో రౌండ్‌లో డేటాబేస్ డిజైన్ గురించి మీరు చెప్పింది నాకు బాగా పనికొచ్చింది."

ఇంతే చాలు. మేనేజర్‌కు గుర్తుండేది ఆ చివరి వాక్యమే, కాబట్టి అది నిజంగా జరిగిందే అయ్యుండాలి. అవతలి ప్యాకేజీ ఎంతో మాత్రం రాయకండి, రాస్తే బేరానికి పిలిచినట్టే. "ప్రస్తుతానికి" అన్న మాటా వద్దు. ఇంకా ఆశ ఉందనుకుని హెచ్‌ఆర్ ఫోన్లు చేస్తూనే ఉంటారు.