ఫొటోకి సాయంత్రపు ఎండ: రంగు కాదు, దిక్కు చెప్పండి

స్టూడియో లైట్లో తీసిన చిత్తూరు మామిడి గుజ్జు సీసా ఫొటోని సాయంత్రపు ప్రచారానికి మార్చాలంటే ఏఐ ఎడిటర్‌కి "వెచ్చగా చెయ్" అని వదిలేయకండి. ఫొటో మొత్తానికి నారింజ రంగు పులిమేస్తుంది. తెల్ల లేబుల్ పసుపెక్కుతుంది, గుజ్జేమో తోతాపురి కాదు, టమాటా అనిపిస్తుంది. ఇలా రాయండి:

"ఎడమ వెనక నుంచి వాలు ఎండ. ఎడమ అంచున సన్నని బంగారు మెరుపు. నీడ కుడి ముందుకి, సీసా ఎత్తుకి రెండింతలు, కాస్త నీలంగా. పాత నీడ, గాజు మీది చతురస్రపు స్టూడియో మెరుపు తీసేయ్. సీసా ఆకారం, లేబుల్, గుజ్జు రంగు, కెమెరా కోణం మార్చొద్దు."

ఆ నీలమే కీలకం. సాయంత్రం ఎండ తగలని చోట ఆకాశపు వెలుగు పడుతుంది కాబట్టి నీడ చల్లగా ఉంటుంది; అది ఉంటేనే ఎండ బంగారంలా కనిపిస్తుంది.

సీసా కింద రెండు నీడలు కనిపిస్తే పాతది పోలేదన్నమాట. ఎడిట్ చేసిన దాన్నే మళ్లీ దిద్దకండి, ప్రతి దిద్దుబాటుకీ అక్షరాలు కరుగుతాయి. అసలు ఫొటోకే వెళ్లి సూచన సవరించండి. చివర్లో లేబుల్‌ని వంద శాతానికి పెంచి చూడండి: తెలుగులో ముందు చెడేవి ఒత్తులే. చెడితే అసలు లేబుల్‌ని పై లేయర్‌గా అతికించి, దానికి మాత్రం కొద్దిగా వెచ్చదనం ఇవ్వండి.