ఫ్రీజ్‌కి ముందు వారం: ప్రొడక్షన్ మార్పు టికెట్‌లో నేను ముందుగా చదివేది రోల్‌బ్యాకే

దసరా సేల్‌కి చేంజ్ ఫ్రీజ్ తేదీ మెయిల్‌లో రాగానే ప్రతి టీమూ మూటాముల్లె సర్దుకుని ప్రొడక్షన్ మీదకి వచ్చి పడుతుంది. ఫ్రీజ్ మొదలైతే సేల్ ముగిసేదాకా ఎవరూ ఏదీ ముట్టుకోకూడదు కాబట్టి, నెల రోజులుగా మూలన పడున్న పనులన్నీ ఆ చివరి వారంలోనే గుర్తొస్తాయి. అప్రూవ్ చేసేవాళ్ల ముందు టికెట్లు గుట్టగా పడతాయి. సేల్ రోజుల కంటే ఆ వారమంటేనే నాకు టెన్షన్ ఎక్కువ.

ఆ టికెట్లలో 'ఎలా చేస్తాం' అన్న భాగం బాగానే ఉంటుంది. కింద, తేడా వస్తే వెనక్కి ఎలా వస్తామో రాయాల్సిన రోల్‌బ్యాక్ గడిలో మాత్రం 'సమస్య వస్తే పాత వెర్షన్‌కి రివర్ట్ చేస్తాం' అని ఒక్క ముక్క ఉంటుంది. అలాంటి టికెట్‌ని నేను అక్కడే ఆపేస్తాను. పాత వెర్షన్‌కి వెళ్లడం వెనక్కి వెళ్లడం కాకపోవచ్చు, ఎందుకంటే చుట్టూ ఉన్నది అప్పటికే మారిపోయి ఉంటుంది.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ అమెరికాలోని నైట్ క్యాపిటల్. 2012 ఆగస్టు 1న ఈ షేర్ బ్రోకరేజ్ సంస్థ ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడ్ వేసింది, ఎనిమిదోది మర్చిపోయింది. అందులో ఏళ్లుగా వాడని పాత కోడ్ అలాగే ఉంది. ఆ పాత కోడ్‌ని లేపే ఫ్లాగ్‌నే కొత్త పనికి వాడుకున్నారు. మార్కెట్ తెరవగానే ఎనిమిదో సర్వర్ ఆపకుండా ఆర్డర్లు పంపడం మొదలుపెట్టింది. లోపం ఎక్కడుందో అంతుచిక్కక, సరిగ్గా పనిచేస్తున్న ఏడు సర్వర్ల నుంచి కూడా కొత్త కోడ్ తీసేశారు. ఫ్లాగ్ మాత్రం వస్తూనే ఉంది. దాంతో ఆ ఏడింటిలోనూ పాత కోడ్ లేచి కూర్చుంది. సుమారు 45 నిమిషాల్లో జరిగిన వ్యవహారానికి నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది. ఆ కోడ్ వేసిన తీరును రెండో మనిషి చూడాలన్న రాతపూర్వక పద్ధతే అక్కడ లేదని అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ 2013లో తన ఉత్తర్వులో రాసింది. ఎనిమిదో సర్వర్ మర్చిపోవడం కంటే కంగారులో చేసిన ఆ రోల్‌బ్యాకే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

అంత పెద్ద కథ వద్దు, రోజూ వచ్చే పని ఒకటి తీసుకుందాం. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఆర్డర్ల టేబుల్ ఉంది, నాలుగు కోట్ల రికార్డులు. కస్టమర్ డెలివరీ సమయం ఎంచుకునేలా `delivery_slot` అని ఒక కాలమ్ చేర్చాలి, దానిమీద ఒక ఇండెక్స్ వేయాలి, ఆ తర్వాత కొత్త యాప్ వెర్షన్ పెట్టాలి. ఎవరికి చూపించినా 'పది నిమిషాల పనే కదా' అంటారు. కాలమ్ చేర్చడం నిజంగానే రెప్పపాటు పని. ఖాళీగా ఉండగలిగే కాలమ్ అయితే పోస్ట్‌గ్రెస్ టేబుల్‌ని తిరగరాయదు. 11వ వెర్షన్ నుంచి, స్థిరమైన డీఫాల్ట్ విలువ ఇచ్చినా తిరగరాయదు.

కానీ ఆ రెప్పపాటుకి కూడా టేబుల్ మీద పూర్తి తాళం కావాలి. ఒకసారి నేనే ఇక్కడ బోల్తాపడ్డాను. రాత్రి ఒంటిగంటకి కమాండ్ కొట్టాను, కర్సర్ కదల్లేదు. అదే టేబుల్ మీద ఎవరిదో రిపోర్టు అరగంట నుంచి నడుస్తోంది. అది ముగిస్తేగాని నా `ALTER`కి తాళం దొరకదు. అది ఎదురుచూస్తుంటే దాని వెనక వచ్చిన ప్రతి క్వెరీ, చివరికి మామూలు `SELECT` కూడా, క్యూలో నిలబడిపోయింది. రెండు నిమిషాల్లో సపోర్టులో ఉన్న కుర్రాడి ఫోను: "అన్నా, ఎవరికీ ఆర్డర్లు లోడ్ అవ్వట్లేదంట, ఏమైనా చేస్తున్నారా?" నేను ఇంకా ఏమీ చేయలేదు. ఎదురుచూస్తున్నానంతే!

అందుకే ఇప్పుడు ఈ రెండు లైన్లు కలిసి లేకపోతే నేను అప్రూవ్ చేయను:

```sql
SET lock_timeout = '3s';
ALTER TABLE orders ADD COLUMN delivery_slot text;
```

మూడు సెకన్లలో తాళం దొరక్కపోతే `canceling statement due to lock timeout` అని చెప్పి అదే తప్పుకుంటుంది. క్యూ కదిలిపోతుంది. కాసేపాగి మళ్లీ ప్రయత్నించవచ్చు. ఎన్నిసార్లు ప్రయత్నించాలో కూడా టికెట్‌లోనే రాయాలి. ఐదుసార్లు అని రాస్తే ఐదుసార్లే, ఆరోసారికి ఆ రాత్రి పని వాయిదా. ఎవరు ఎవరిని ఆపుతున్నారో చూడటానికి పక్కనే ఇంకో టెర్మినల్‌లో ఇది సిద్ధంగా ఉండాలి:

```sql
SELECT pid, pg_blocking_pids(pid), left(query, 60)
FROM pg_stat_activity
WHERE wait_event_type = 'Lock';
```

ఇండెక్స్‌ది ఇంకో తీరు. `CREATE INDEX CONCURRENTLY` అయితే రాతలు ఆగవు, కానీ అది పాత ట్రాన్సాక్షన్లు ముగిసేదాకా తీరిగ్గా ఎదురుచూస్తుంది. అదే సెషన్‌లో మూడు సెకన్ల గడువు ఇంకా ఉంటే మధ్యలో తెగిపోయి, `INVALID` అనే ముద్రతో సగం ఇండెక్స్ మిగిలిపోతుంది. అది వెతుకులాటకి పనికిరాదు, పైగా ప్రతి రాత మీదా భారం వేయగలదు. కాబట్టి ఇండెక్స్‌కి ముందు `RESET lock_timeout` అని ఉందా అని చూడండి. తెగిపోతే `DROP INDEX CONCURRENTLY`తో శుభ్రం చేయాలన్న మాట రోల్‌బ్యాక్ గడిలో ఉందా అని కూడా చూడండి.

ఇక అసలు రోల్‌బ్యాక్ నోటు. ఈ పనికి వెనక్కి వచ్చే దారి ఒకటి కాదు, ఎక్కడున్నామన్నదాన్ని బట్టి మారుతుంది. నేను ఒప్పుకునే నోటు ఇలా ఉంటుంది: "కొత్త యాప్ పెట్టక ముందు సమస్య వస్తే ఇండెక్స్, కాలమ్ రెండూ తీసేస్తాం, పోయే డేటా ఏమీ ఉండదు. కాలమ్ తీయడానికీ అదే తాళం కావాలి, కాబట్టి అక్కడా మూడు సెకన్ల గడువు పెడతాం. కొత్త యాప్ పెట్టాక సమస్య వస్తే యాప్‌ని మాత్రమే పాత వెర్షన్‌కి తెస్తాం. కాలమ్‌ని ముట్టుకోం, అప్పటికే కస్టమర్లు ఎంచుకున్న సమయాలు అందులో ఉంటాయి."

ఈ చివరి వాక్యం కోసమే నోటు రాయమనేది. రాత్రి రెండింటికి నిద్రమత్తులో ఉన్నవాడు 'చేసినదానికి ఉల్టా చేస్తే సరి' అనుకుని `DROP COLUMN` కొడితే, గంట ఆర్డర్ల డెలివరీ సమయాలు గాల్లో కలిసిపోతాయి.

ఇందులోనే ఇంకో చిక్కు. ఎవరో ఉత్సాహవంతుడు పాత రికార్డుల్లో విలువలు నింపేసి, కొత్త యాప్ పెట్టాక కాలమ్ ఖాళీగా ఉండకూడదనే `NOT NULL` షరతు కూడా అదే టికెట్‌లో పెట్టేస్తాడు. ముందుకు వెళ్లేటప్పుడు బాగానే ఉంటుంది, కొత్త యాప్ ఆ కాలమ్ నింపుతుంది కాబట్టి. వెనక్కి వస్తే మాత్రం పాత యాప్‌కి ఆ కాలమ్ సంగతే తెలియదు. అది వేసే ప్రతి కొత్త ఆర్డరూ డీఫాల్ట్ లేక ఎర్రర్ కొడుతుంది. సరిగ్గా నైట్ క్యాపిటల్ లెక్కే: కోడ్ వెనక్కి వచ్చింది, చుట్టూ ఉన్నది రాలేదు. `NOT NULL`ని సేల్ అయ్యాక వేరే టికెట్‌లో తెమ్మని చెప్పాలి. ఒప్పుకోకపోతే, ప్రొడక్షన్‌కి ముందు పరీక్షించే స్టేజింగ్‌లో, కొత్త టేబుల్ మీద పాత యాప్ నడిపి ఒక ఆర్డర్ వేసి చూపించమనండి. నేను ఈ ఒక్క పరీక్ష అడిగాక వాదన సాగదీసినవాళ్లు తక్కువ.

నోటులో టైమ్ కూడా ఉండాలి. మార్పు చేయడానికి ఇచ్చిన విండో ఒంటిగంట నుంచి రెండు దాకా అనుకోండి. స్టేజింగ్‌లో యాప్‌ని వెనక్కి తేవడానికి 12 నిమిషాలు పట్టింది, సరిచూడటానికి 8, అనుకోనివాటికి ఇంకో 10. అంటే 1:30 లోపల నిర్ణయం అయిపోవాలి. ఆ టైమ్‌కి ఎర్రర్లు తగ్గకపోతే ఎంత దగ్గరకొచ్చినా వెనక్కే. 'ఇంకో ఐదు నిమిషాలివ్వండి, దొరికేసింది' అనే మాట ప్రతిసారీ వినిపిస్తుంది. అందుకే వెనక్కి రమ్మని చెప్పే మనిషి కమాండ్ కొట్టే మనిషి కాకూడదు. ఆ మనిషి పేరు, ఫోన్ నంబర్ టికెట్‌లో ఉండాలి, ఆ రాత్రి మేలుకుని ఉండాలి.

అప్రూవల్ ఎవరివ్వాలన్నది కంపెనీని బట్టి మారుతుంది. మార్పులకి ఆమోదం ఇచ్చే కమిటీ, అదే క్యాబ్, మీటింగ్‌లో ఇరవైమంది కూర్చుని, నలభై టికెట్లు గంటలో దాటించే తంతు మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఇద్దరు చాలు, కానీ ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలు అడగాలి. డేటాబేస్ తెలిసినవాళ్లు స్క్రిప్టునీ రోల్‌బ్యాక్‌నీ లైను లైనుగా చదవాలి. వ్యాపారం చూసేవాళ్లు ఆ టైమ్‌లో ఆర్డర్లు పది నిమిషాలు ఆగితే తట్టుకోగలమా, ఆ రాత్రి ఏ పెద్ద రిపోర్టైనా నడవాలా అని చెప్పాలి. ఇందాక చెప్పిన, నా రాత్రి పాడుచేసిన రిపోర్టు గురించి నన్ను ఎవరూ అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు.

అప్రూవల్ అనేది ఒక ఉద్దేశానికి ఇచ్చేది కాదు, ఒక ఫైలుకి ఇచ్చేది. మంగళవారం చూసిన స్క్రిప్టులో శుక్రవారం 'చిన్న మార్పే' అని ఒక లైను కలిపితే ఆ అప్రూవల్ చెల్లదు. టికెట్‌లో గిట్ కమిట్ నంబర్ రాయించండి, రాత్రి నడిపే ముందు అదేనా అని పోల్చండి. వాట్సాప్‌లో వచ్చిన బొటనవేలు గుర్తు అప్రూవల్ కాదు. ఆ మనిషి టికెట్‌లోకి వచ్చి నొక్కాల్సిందే. అర్ధరాత్రి సైట్ పడిపోయి ఎమర్జెన్సీగా మార్పు చేయాల్సి వస్తే అప్పుడు ఫోన్‌లో 'సరే' అంటే సరిపోతుంది. కానీ లైన్‌లో రెండో మనిషి ఉండాలి, ఏ కమాండ్ ఎప్పుడు కొట్టారో తెల్లారేలోపు టికెట్‌లోకి ఎక్కాలి.

పని సాఫీగా అయినా టికెట్‌ని 'సక్సెస్' అని మూసేయకండి. కాలమ్ ఎన్నో ప్రయత్నానికి పడింది, ఇండెక్స్‌కి ఎంతసేపు పట్టింది, రోల్‌బ్యాక్ చేసి ఉంటే దానికి నిజంగా ఎంత పట్టింది అన్నవి పక్కన రాయండి. మా టీమ్‌లో ఒక టికెట్‌లో రోల్‌బ్యాక్‌కి 12 నిమిషాలని ఉంది, దాని కింద చేతకాని తెలుగులో ఒకరు కలిపిన ముక్క ఇంకా ఉంది: "నిజానికి 26 పట్టినది. సర్వర్లు ఒకటి తర్వాత ఒకటి మాత్రమే లేచును." ఆ తర్వాత వచ్చిన ప్రతి టికెట్‌లో నిర్ణయం తీసుకునే టైమ్ 1:30 నుంచి 1:15కి జరిగింది.